మామ్మగారి సన్మానంలో ఏ చరణం చదవాలి?

ఊరి రామాలయం వార్షికోత్సవానికి, దశాబ్దాలుగా అక్కడ పాడుతున్న ఒక మామ్మగారిని సన్మానిస్తున్నారనుకోండి. ఆవిడ పాడిన కీర్తనల పాదాలు కలుపుతూ ఎవరో ఒకరు మాట్లాడాలి. ఇలాంటి ప్రసంగాలు ఎక్కువగా ఒకేచోట దారి తప్పుతాయి: దేవుడితో అన్న మాటను తెచ్చి గాయనికి అంటగడతారు. శరణు కోరే పల్లవిని ఆవిడ వైపు తిరిగి చదివితే, జన్మంతా ఆ మాట రాముడితోనే అన్న మనిషి ఇబ్బంది పడుతుంది. కీర్తన దేవుడి వైపే ఉండాలి. ఆవిడ దాన్ని ఏ వేళ, ఎలా పాడేదో చెప్పడం వక్త పని.

అందుకే ముందు ఆవిడ దగ్గర కూర్చుని అడగాలి. మేలుకొలుపుకు ఏది పాడేవారు, పల్లకీ ముందు ఏది, పవళింపు సేవలో ఏ లాలి? ప్రసంగాన్ని కూడా గుడిలో సేవలు నడిచే వరసలోనే నడిపితే పాదాలు వాటంతట అవే చోటు వెతుక్కుంటాయి.

రామదాసు 'ఇక్ష్వాకు కులతిలక' ఆవిడకు ప్రాణమనుకుందాం. గోల్కొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న, సీతమ్మకూ రాముడి తమ్ములకూ చేయించిన నగల ఖర్చు ఏకరువు పెట్టి రాముణ్ణి నిలదీసే కీర్తన అది. సభలో అందరికీ గుర్తుండేవి ఆ నగల చరణాలే. అవి మాత్రమే చదివితే గోపన్న లెక్కల కోసం తగవు పడిన మనిషిలా మిగిలిపోతాడు. చివరికి వచ్చేసరికి ఆయన మెత్తబడతాడు, దెబ్బలకు తాళలేక తిట్టానని ఒప్పుకుని బతిమాలుకుంటాడు. నా మటుకు కీర్తనకు ప్రాణం అక్కడే ఉంది. వక్త ఇలా అనొచ్చు: “నగల చరణాల్లో మామ్మగారు గొంతు పెంచేవారు. మేం పిల్లలం నవ్వేవాళ్లం. ఆఖరి చరణానికి ఆవిడ గొంతు దిగేది, మా నవ్వూ ఆగేది.” అని, నగల చరణంలో ఒక పాదం, ఆఖరి చరణంలో ఒక పాదం చదివితే చాలు. రాగం తీయాల్సిన పని లేదు. మాట విడివిడిగా, అర్థం తెలిసేలా పలికితే వినేవాళ్ల మనసులో వరస అదే మోగుతుంది.

పాఠం మాత్రం ఆవిడ నోటినుంచే రాసుకోవాలి. విని నేర్చుకున్న పాటకు అచ్చు పుస్తకానికీ ఒకటి రెండు మాటల తేడా ఉంటుంది. పుస్తకం చూసి ఆవిడ ఎదుట దిద్దడం కన్నా అవమానం లేదు. రాసుకున్నది తిరిగి ఆవిడకే చదివి వినిపిస్తే చెవికి అందకుండా పోయిన అక్షరం తెలిసిపోతుంది.

ప్రసంగం మంగళహారతికి ముందే ముగించాలి. మంగళం పాడే హక్కు ఆవిడది. గొంతు సహకరించకపోతే ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు అందుకోవాలి, శ్రుతి ఆవిడకు అనువైనదే పెట్టాలి.