పెళ్లిచూపులకు ముందే తీర్పు

మిరప కోతలు ముగిసి, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక పిడుగురాళ్ల చుట్టుపక్కల సంబంధాలు చూడటం ఊపందుకుంటుంది. మధ్యవర్తి వాట్సాప్‌లో పంపిన బయోడేటాలో చాలా ఇళ్లలో పెద్దల కళ్లు ముందు నక్షత్రం, పాదం, రాశి మీద పడతాయి. అవి సిద్ధాంతిగారికి చేరతాయి. 36 గుణాలకు 18 వస్తే పెళ్లిచూపులు. రాకపోతే ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే మాట ముగిసిపోతుంది.

ఆ 36 ఎనిమిది కూటాల మొత్తం. వర్ణానికి 1తో మొదలై గణానికి 6, రాశికి 7, నాడికి 8 దాకా పెరుగుతాయి. కుజదోషం లాంటివి విడిగా చూస్తారు కానీ, ఈ ఎనిమిదింటినీ తేల్చేది పుట్టిన వేళకు చంద్రుడు ఎక్కడున్నాడన్న ఒక్క సంగతే. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు, రాశి దాటడానికి రెండుంపావు రోజులు తీసుకుంటాడు.

ఇందులో చిక్కు సరిహద్దు దగ్గర వస్తుంది. ఒక అమ్మాయిది మృగశిర, అబ్బాయిది మూల, ధనూరాశి అనుకుందాం. మృగశిర మొదటి రెండు పాదాలు వృషభంలో, తర్వాతి రెండూ మిథునంలో ఉంటాయి. ఆమె రెండో పాదం చివర్లో పుట్టిందంటే వృషభం, ధనుస్సు షష్ఠాష్టకం. రాశికూటానికి సున్నా. గణం దగ్గరా, గ్రహమైత్రి దగ్గరా పెద్దగా ఏమీ రాదు కాబట్టి మొత్తం 16 దాటదు. సంబంధం వద్దంటారు. అదే అమ్మాయి అరగంట తర్వాత మూడో పాదంలో పుట్టిందని రాస్తే రాశి మిథునం, ధనుస్సుకు సమసప్తకం. ఏడుకు ఏడూ వచ్చి మొత్తం 20 దాటుతుంది. మనుషులు ఇద్దరూ వాళ్లే, నాడీ గణాలు కూడా అవే. మారింది గడియారం ఒక్కటే. ప్రసవం గదిలో టైము రాసింది బిడ్డ పడ్డప్పుడా, తల్లిని వార్డుకు మార్చాకనా అని ఇరవై ఐదేళ్ల తర్వాత ఎవరు చెప్పగలరు?

టైము నిక్కచ్చిగా ఉన్నా పంచాంగాలు ఏకీభవించవు. పూర్వ పద్ధతి పంచాంగానికీ దృక్ సిద్ధాంత పంచాంగానికీ నక్షత్రం మారే వేళలో తేడా వస్తుంది. ఇక మృగశిర, మఖ, స్వాతి, అనూరాధ వాళ్లకు పొంతనే చూడనక్కర్లేదనే సంప్రదాయమూ ఉంది. ఆ మాట పట్టించుకునే సిద్ధాంతి దగ్గరకు వెళ్తే ఈ అమ్మాయికి అసలు అడ్డే లేదు.

పుట్టిన వేళ రాసుకోని ఇళ్లలో నామ నక్షత్రం చూస్తారు, అంటే పేరులో మొదటి అక్షరాన్ని బట్టి. మన పల్లెల్లో తాత పేరు మనవడికి పెట్టడం మామూలే. అప్పుడు పొంతన కుదిరేది తాత పేరుతోనే కదా! జన్మ నక్షత్రాలు కుదరకపోయినా సంబంధం మాత్రం నచ్చినప్పుడు, అదే కుటుంబం నామ నక్షత్రానికి మారడమూ మనకు తెలిసిందే. నచ్చకపోతే ఆ వెసులుబాటు ఎవరికీ గుర్తురాదు. కట్నం చాలలేదనో, పిల్ల చామనఛాయ అనో నోటితో అనలేక "జాతకాలు కలవలేదండీ" అంటారు. ఆ మాట విన్న ఆడపిల్ల తనలోనే ఏదో దోషం ఉందనుకుని కుమిలిపోవడం నాకు బాధ కలిగించే విషయం.

నాడికి 8 గుణాలు ఇచ్చింది సంతానం కోసమంటారు. 27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున మూడు నాడులు చేశారు కాబట్టి, ఎవరెవరిని జత కలిపినా సుమారు మూడింట ఒక వంతు జంటలకు నాడీదోషం తప్పదు. సంతానం గురించే దిగులైతే రక్తపరీక్ష ఉంది. తలసీమియా వాహకులు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన దగ్గర దీన్ని ముందే తెలుసుకోవడం మరీ అవసరం. నాడి కలవలేదని బయటి సంబంధం వదులుకునే ఇల్లే మేనరికం దగ్గర ఈ పరీక్ష ఊసెత్తదు.

జాతకం మీద నమ్మకం ఉన్నవాళ్లను మానేయమని నేను అనడం లేదు. వరస మార్చమంటున్నాను. ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టండి, పెద్దలు పక్క గదిలో ఉండి ఒక గంట వదిలేయండి. పెళ్లయ్యాక ఆమె హైదరాబాద్ ఉద్యోగం ఉంటుందా, అతను ఊళ్లో సేద్యం వదిలి రాగలడా, కౌలుకూ పురుగుమందులకూ చేసిన అప్పు ఎంత మిగిలింది, మందు అలవాటు ఉందా, జీతం ఎవరి చేతికి వెళ్తుంది, అత్తమామలతో కలిసి ఉండాలా అన్నవి వాళ్లనే మాట్లాడుకోనివ్వండి. ఆ గంట తర్వాత ఇద్దరూ సరేనన్నాకే సిద్ధాంతిగారికి ఫోన్ చేయండి.