మేజర్ మార్చమని అడిగే ఒక పేజీ

అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది ముగిశాక మేజర్ మార్చుకోవడం మామూలే. కొన్ని విభాగాల్లో ఒక ఫారం నింపితే చాలు. సీట్లకు గిరాకీ ఎక్కువగా ఉన్న విభాగాలు మాత్రం మార్కుల పట్టికతో పాటు ఒక పేజీ లేఖ కూడా అడుగుతాయి. తెలుగు పిల్లలు ఎక్కువగా తడబడేది ఆ పేజీ దగ్గరే. 'చిన్నప్పటి నుంచీ లెక్కలంటే ఇష్టం' అని మొదలుపెడతారు. మరి నిరుడు సివిల్‌లో ఎందుకు చేరావన్న ప్రశ్న చదివేవాళ్లకు అక్కడే పుడుతుంది.

సివిల్ నుంచి స్టాటిస్టిక్స్‌కు మారాలనుకునే ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. ల్యాబ్‌లో ఒకే మిశ్రమంతో పోసిన కాంక్రీటు సిలిండర్లను 28 రోజులు నీటిలో నాననిచ్చి, యంత్రంలో పెట్టి నొక్కారు. ఒక్కోటి ఒక్కో బరువు దగ్గర పగిలింది. తోటివాళ్లు సగటు రాసుకుని వెళ్లిపోయారు. ఆమెకు ఆ తేడాలే పట్టుకున్నాయి: ఎన్ని సిలిండర్లు పరీక్షిస్తే ఆ సగటును నమ్మొచ్చు? లేఖ ఇక్కడే మొదలవ్వాలి. ఆసక్తి ఏ పనిలో, ఏ ప్రశ్నతో మళ్లిందో చదివేవాళ్లకు కనబడుతుంది. పాత విభాగాన్ని తప్పుపట్టాల్సిన అవసరమే రాదు. జీతాల ఊసు అసలే వద్దు.

తర్వాత నిలకడకు రుజువు కావాలి. 'కష్టపడతాను' అన్న మాట రుజువు కాదు. మారకముందే కొత్త విభాగంలో ఒక కోర్సు చేసి ఉండటం అన్నిటికన్నా బలమైన రుజువు. మన విద్యార్థిని రెండో సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ తొలి కోర్సు తీసుకుని ఏ గ్రేడు తెచ్చుకుంది. వేసవిలో దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో లీనియర్ ఆల్జీబ్రా చదివింది. ఆ క్రెడిట్లు చెల్లుతాయో లేదో ముందే అడ్వైజర్‌ను అడిగి తెలుసుకుంది. కెమిస్ట్రీలో సీ వచ్చింది. దాన్ని దాచలేదు, సాకులూ చెప్పలేదు. ఒక్క వాక్యంలో కారణం రాసి, తర్వాతి సెమిస్టర్ గ్రేడు చూపించింది.

చివరగా లెక్క. డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు కావాలి, ఆమె 30 పూర్తి చేసింది. అందులో కాలిక్యులస్ కొత్త మేజర్‌కూ పనికొస్తుంది, ఇంజనీరింగ్ డ్రాయింగ్ మహా అయితే ఎలెక్టివ్‌గా మిగులుతుంది. మిగిలిన 90 క్రెడిట్లను ఆరు సెమిస్టర్లకు పదిహేను చొప్పున పంచి, ఏ కోర్సు ఎప్పుడో రాసి జతచేసింది. నా దృష్టిలో లేఖలోని విశేషణాలన్నిటి కంటే ఈ పట్టికకే విలువెక్కువ. ఎందుకంటే ఒకదాని తర్వాత ఒకటి చదవాల్సిన కోర్సుల వరస తెలియనిదే దాన్ని వేయలేం.

ఇంత చేసినా సీట్లు లేకపోతే కాదనవచ్చు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్‌లోకి బయటి నుంచి వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. అందుకే దగ్గరి మేజర్ ఒకటి రెండో ఎంపికగా సిద్ధంగా ఉంచుకోవాలి. ఎఫ్-1 వీసాపై ఉన్నవాళ్లకు అనుమతి వచ్చాక ఇంకో పని ఉంటుంది. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి చెప్పి, కొత్త మేజర్ ఉన్న ఐ-20 తీసుకోవాలి. చదువు ఒక సెమిస్టర్ పొడిగేలా ఉంటే, పాత ఐ-20 గడువు తీరకముందే పొడిగింపు అడగాలి.