విమానంలో వీణ: ఏది చేతిలో, ఏది పెట్టెలో

డాలస్ విమానాశ్రయంలో, పెద్ద సామాన్లు వచ్చే తలుపు పక్కన నేల మీదే కూర్చుని వీణ సంచి జిప్పు తీశాను. ముందుగా చేతికి తగిలింది సొరబుర్ర పెంకు. దాని కింద మూడు మెట్లు మైనంతో సహా ఊడి, సంచి మూలకు చేరి ఉన్నాయి. మిగిలిన మెట్లు ఉన్నచోటే ఉన్నా, వాటి కింది మైనం ఒక పక్కకి ఒరిగిపోయింది. అమ్మాయి అక్కడ సంగీతం నేర్చుకుంటోందని, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించి తీసుకెళ్లిన వీణ అది. ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ.

అక్కడ మేళం కట్టేవాళ్లు దొరక్క, ఆర్నెల్ల తర్వాత దాన్ని మళ్లీ గొల్లపల్లికే తెచ్చాం. వీణను పక్కకి తిప్పి చూసిన పెద్దాయన, "ఇది గాల్లో పాడవలేదమ్మా, నేల మీదే పాడైంది" అన్నారు. మైనం ఒకవైపు జారిందంటే వీణ పక్కకి ఒరిగి ఎండలో ఉందని అర్థమట. మూడు మెట్లు ఊడినచోట మాత్రం మైనం జారలేదు, పెంకులా విరిగింది. అది చల్లగా గట్టిపడి ఉన్నప్పుడు తగిలిన దెబ్బ అన్నారు. రెండోసారి వీణను పంపేటప్పుడు నేను చేసిన ఏర్పాట్లన్నీ ఆ రెండు మాటల నుంచి పుట్టినవే.

వీణకు హాని ఎక్కడ?

పైకి వెళ్లాక గాలి పీడనం తగ్గి కుండ పగులుతుందని చాలామంది భయపడతారు. విమానంలో మనం కూర్చునే చోట ఎంత పీడనం ఉంటుందో, కింద సామాన్ల అరలోనూ అంతే ఉంటుంది. చలి మాత్రం అక్కడ కాస్త ఎక్కువ. అసలు ప్రమాదం విమానం ఎక్కక ముందూ, దిగిన తర్వాతా ఉంటుంది. బెల్టు మలుపులో పడే దెబ్బ, పైనుంచి మీద పడే పెట్టె, బండి మీద ఎండలో గడిచే గంట వీణను పాడుచేస్తాయి.

ఎండ ఎందుకంత ముఖ్యమంటే, వీణ మీది 24 మెట్లూ కర్రలో దిగి ఉండవు. తేనెమైనంలో నల్లపొడి, గుగ్గిలం కలిపి, ఆ ముద్దలో ఒక్కొక్క మెట్టునూ స్వరం చూసుకుంటూ నిలబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. తేనెమైనం కరిగేది 62, 64 డిగ్రీల దగ్గరైనా, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మే నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి తేలిగ్గా వస్తుంది. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. అందుకే చూడటానికి ఏ దెబ్బా తగలని వీణ కూడా ప్రయాణం తర్వాత అపశ్రుతి పలకవచ్చు.

పైకా, కిందికా?

ఈ నిర్ణయం టేపుతో మొదలవుతుంది. మన దేశీయ విమానాల్లో చేతిసంచికి సాధారణంగా 7 కిలోల బరువు, పొడవు వెడల్పు ఎత్తు మూడూ కలిపి 115 సెంటీమీటర్లు హద్దు. నాలుగడుగుల పైచిలుకు వీణ అందులో పట్టదు. వయొలిన్ పెట్టె పొడవు కూడా మామూలు చేతిసంచిని దాటుతుంది కానీ, పై అరలో ఇముడుతుంది కనుక చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. అమెరికా సంస్థల విమానాలకైతే 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఒకటుంది. వయొలిన్, గిటార్ లాంటి వాయిద్యం ఎక్కే సమయానికి పై అరలోనో సీటు కిందో భద్రంగా పడితే దాన్ని లోపలికి అనుమతించాలి. పై అర నిండిపోయాక వెళితే ఆ నిబంధన అక్కరకు రాదు, కాబట్టి ముందుగా ఎక్కడం మేలు.

వీణకు ఇంకో దారి దానికంటూ సీటు కొనడం. సెల్లో వాయించేవాళ్లు ఇలాగే వెళతారు. బుర్ర విప్పిన వీణ పెట్టె పొడవు ఇంచుమించు సెల్లో పెట్టెంతే ఉంటుంది. కిటికీ పక్క సీటు ఇస్తారు, పట్టీలతో కట్టాలి, అత్యవసర ద్వారం వరుసలో పెట్టనివ్వరు. ఇది విమాన సంస్థతో ముందే ఫోన్‌లో మాట్లాడి ఖాయం చేసుకోవలసిన పని. దారిలో విమానం మారితే రెండో సంస్థ కూడా ఒప్పుకోవాలి. ఒకే విమానంలో వెళ్లే కచేరీ ప్రయాణానికి ఈ ఖర్చు పెట్టొచ్చు. మాది రెండు విమానాల దారి, పైగా సీటు ధర దాదాపు ఇంకో టికెట్టంత అయింది. అందుకే నేను వీణను విడదీసి ఆలోచించాను.

వీణలో సులభంగా ఊడొచ్చే భాగం బుర్ర. దండి కింద మరతో బిగించి ఉంటుంది. దెబ్బకు మొదట పగిలేదీ అదే. దాన్ని విప్పి, లోపల మెత్తటి గుడ్డలు కుక్కి, చీరలో చుట్టి నా చేతిసంచిలో పెట్టుకున్నాను. శ్రుతిపెట్టె కూడా చేతిసంచిలోకే వెళ్లింది. దాని విడి లిథియం బ్యాటరీలను కింది సామానులో పెట్టకూడదు. పటకారు, అదనపు తీగల చుట్టలు, మైనం ముద్ద మాత్రం కింది పెట్టెలో సర్దాను. పటకారును భద్రతా తనిఖీలో ఆపేస్తారు.

పెట్టె సర్దిన తీరు

ఈసారి సంచి కాదు, ఫైబర్‌గ్లాస్ పెట్టె. బయటి కొలతలు 140, 45, 38 సెంటీమీటర్లు, మొత్తం 223. అంతర్జాతీయ ప్రయాణాల్లో మామూలు పెట్టెకు హద్దు 158. బరువు చూస్తే బుర్ర లేని వీణ 6 కిలోలు, పెట్టె 10, గుడ్డలు ఒక కిలో, వెరసి 17. హద్దు 23 కిలోలు. అంటే బరువుకు అదనపు రుసుము లేదు, కొలతకు ఉంది. విమాన సంస్థకు ఈ కొలతలు రాసి, "తీసుకెళతాం, రుసుము ఇంత" అని వాళ్లిచ్చిన జవాబును కాగితం మీద అచ్చు తీసి దగ్గర పెట్టుకున్నాను. విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి అమ్మాయికి ఆ కాగితం చూపించాక మాట్లాడటానికి ఇంకేమీ మిగల్లేదు.

సర్దడంలో మొదటి పని తీగలు. ఏడు తీగల్నీ మూడు నాలుగు స్వరాలు దింపాను. పూర్తిగా వదిలేయకూడదు. గుర్రాన్ని కుండ మీది పలకపై నిలబెట్టేది తీగల బిగువే. అది పోతే గుర్రం జారి, కుదుపులో పలకనే కొడుతుంది. తర్వాత తీగలకూ మెట్లకూ మధ్య పొడవాటి మెత్తని నూలు గుడ్డ దోపాను. వణికే తీగ మెట్టును కొట్టకుండా అది ఆపుతుంది.

వీణ పెట్టెలో రెండుచోట్ల ఆనాలి. ఒకటి కుండ అడుగు, రెండోది బుర్ర ఊడిన చోట దండి. ఈ రెండింటికీ సరిపోయేలా గట్టి ఫోమ్‌ను గాడిలా కోయించాను. కుండకూ పెట్టె గోడకూ మధ్య నాలుగు వైపులా నాలుగు వేళ్ల మందం ఫోమ్ ఉంది. రెండో చివరనున్న సింహ తలాటానికి మాత్రం ఏదీ ఆనించలేదు. అది కిందికి వంగి ఉంటుంది. దాని మీద బరువు పడితే మెడ దగ్గర విరుగుతుంది. మూత మూశాక ఫోమ్ మెట్లను నొక్కకూడదు, మధ్యలో వేలెడు సందు ఉండాలి. బిరడల చుట్టూ మాత్రం మెత్తగా గుడ్డలు దోపాను.

ఇక పరీక్ష. పెట్టె మూసి, ఇద్దరం పట్టుకుని నిలువుగా, పక్కకి, తలకిందులుగా మెల్లగా తిప్పాం. లోపల చిన్న చప్పుడు వినబడింది. తెరిచి చూస్తే మైనం డబ్బా కదులుతోంది. దాన్ని గుడ్డలో కుక్కి మళ్లీ తిప్పాం. ఏ చప్పుడూ రాని దాకా తిప్పి చూశాకే గొళ్ళాలు వేశాం. పెట్టెకు తెల్లని దుప్పటిగుడ్డ తొడుగు కుట్టించాను. నల్లని ఫైబర్ ఎండను తాగుతుంది, తెల్లది అంతగా తాగదు. టికెట్ కూడా రాత్రి విమానానిదే తీసుకున్నాం.

భద్రతా సిబ్బంది పెట్టె తెరిచే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే మూత లోపలి వైపు, తెరవగానే కనబడేలా వీణ సరిగ్గా సర్ది ఉన్న ఫోటో ఒకటి, ఇంగ్లీషులో మూడు వాక్యాలు అతికించాను. తీగలు పట్టుకుని ఎత్తవద్దు, కుండ కింద ఒక చెయ్యి, దండి కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తండి, ఫోటోలో ఉన్నట్టే తిరిగి పెట్టండి అని. తాళం అమెరికా తనిఖీవాళ్లు వాళ్ల తాళంచెవితో తెరవగలిగే రకం.

పాత వీణకు అదనపు జాగ్రత్త

తాతలనాటి వీణల మీద దంతపు పొదుగు ఉండవచ్చు. ఆసియా ఏనుగు దంతం వన్యప్రాణుల అంతర్జాతీయ ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో ఉంది, మన దేశంలోనూ దాని వ్యాపారం నిషేధం. అనుమతి పత్రాల్లేకుండా సరిహద్దు దాటిస్తే వాయిద్యం అక్కడే ఆగిపోతుంది. ఆ పొదుగు దంతమో, కొమ్మో, ప్లాస్టిక్కో వీణలు చేసేవాళ్లకు చూపించి తెలుసుకోండి. దంతమని తేలితే ఆ వీణను ఇంట్లోనే ఉంచి వేరేది తీసుకెళ్లండి.

దిగాక

విమానాశ్రయం నుంచి బయటికి రాకముందే పెట్టె తెరిచి చూడాలి. నష్టం కనబడితే అక్కడే ఉన్న సామాన్ల కౌంటరులో ఫిర్యాదు నమోదు చేయించి నకలు తీసుకోవాలి. పెట్టె, లోపలి వీణ, దెబ్బ తగిలిన చోటు ఫోటోలు తీయాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, సామాను అందిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విమాన సంస్థ చెల్లించాల్సిన పరిహారానికి గరిష్ఠ హద్దు 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్. వీణ విలువ అంతకు మించితే బయలుదేరేటప్పుడే విలువ ప్రకటించాలి, లేదా విడిగా బీమా తీసుకోవాలి. మొదటిసారి నేను ఇంటికెళ్లి, ఏడుపు తగ్గాక, పది రోజులకు రాశాను. గడువు దాటిందని నా ఉత్తరాన్ని తిప్పి పంపారు.

రెండోసారి అదే తలుపు పక్కన అలాగే నేల మీద కూర్చుని మూత తీశాను. మెట్ల వరుస మీద వేలు పోనిచ్చాను, ఇరవై నాలుగూ ఉన్నాయి. గుడ్డ తీయకుండానే మూసేసి, ఇంటికి తీసుకెళ్లి ఆ రాత్రి గది వేడికి అలవాటు పడేదాకా అలాగే ఉంచాం. పొద్దున్న బుర్ర బిగించి, తీగల్ని ఒక్కొక్క స్వరం చొప్పున పైకి తెచ్చాం. ఒక మెట్టు దగ్గర అమ్మాయి ఆగి, చెవి వంచి, "అమ్మా, ఇది కొంచెం తగ్గింది" అంది. వేడి చేసిన చెంచా కాడతో మైనాన్ని మెత్తపరిచి ఆ ఒక్క మెట్టునూ సరిచేశాం. దారి పొడవునా వీణకు జరిగిన నష్టం అంతే.