స్టార్ దాటి డెల్టా అందుకోని మోటారు

రైస్ మిల్లులోని 30 హార్స్‌పవర్ మోటారు నిండు లోడు మీద సుమారు 40 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా ఆన్ చేస్తే మొదట్లో దానికి ఆరేడు రెట్లు లాగి, లైను వోల్టేజీని పడగొడుతుంది. ఆ లాగుడు తగ్గించడానికే స్టార్-డెల్టా స్టార్టర్.

మోటారు లోపలి మూడు వైండింగుల ఆరు కొసలూ టెర్మినల్ బాక్సులోకి వస్తాయి. యు1, వి1, డబ్ల్యూ1 మొదళ్లు. యు2, వి2, డబ్ల్యూ2 చివర్లు. మెయిన్ కాంటాక్టర్ మొదళ్లకు కరెంటు ఇస్తే, స్టార్ కాంటాక్టర్ చివర్లు మూడింటినీ ఒకచోట కలుపుతుంది. అప్పుడు ఒక్కో వైండింగుకు 415 బదులు 240 వోల్టులే అందుతాయి. లైను కరెంటు మూడో వంతుకు పడిపోతుంది, తిప్పే బలం కూడా అంతే. అందుకే మిల్లు ఖాళీగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి.

వేగం 80 శాతం దాటాక టైమర్ స్టార్‌ను వదిలించి, క్షణంలో డెల్టాను పట్టిస్తుంది. డెల్టా కాంటాక్టర్ యు1ను డబ్ల్యూ2తో, వి1ను యు2తో, డబ్ల్యూ1ను వి2తో కలుపుతుంది. స్టార్, డెల్టా రెండూ కలిసి పడితే ఫేజులు షార్టవుతాయి. కాబట్టి ఒకటి పట్టి ఉండగా రెండోదాని కాయిల్‌కు కరెంటు వెళ్లకుండా ఇంటర్‌లాక్ ఉంటుంది. దాన్ని ఎప్పుడూ బైపాస్ చేయకూడదు.

లోపం ఎక్కడుందో ఈ మార్పిడి క్షణమే చెబుతుంది. మోటారు బాగానే లేచింది, ‘టక్’మని స్టార్ వదిలింది, ఆ తర్వాత చప్పుడు లేకుండా నెమ్మదిగా ఆగిపోయింది అనుకోండి. డెల్టా పట్టలేదన్నమాట. ఆ సమయంలో ఎలక్ట్రీషియన్ డెల్టా కాయిల్ రెండు కొసల మధ్య వోల్టేజీ చూడాలి. వోల్టేజీ వచ్చినా కాంటాక్టర్ పట్టకపోతే కాయిల్ కాలిపోయింది, లేదా ఆర్మేచర్ బిగుసుకుపోయింది. వోల్టేజీయే రాకపోతే కాంటాక్టర్ మార్చి లాభం లేదు. టైమర్ కాంటాక్టు గానీ, స్టార్ కాంటాక్టర్‌లోని ఇంటర్‌లాక్ కాంటాక్టు గానీ కలవడం లేదు.

అసలు ‘టక్’మనే చప్పుడే రాక, లోడు వేయగానే మోటారు వేగం తగ్గి మూలుగుతుంటే, అది ఇంకా స్టార్‌లోనే ఉంది. టైమర్ కాయిల్‌కు సప్లై అంది, పెట్టిన సమయం దాటినా స్టార్ వదలకపోతే టైమర్ పోయినట్టే. టైమర్ తన పని చేసినా స్టార్ వదలకపోతే ఆ కాంటాక్టులు అతుక్కుపోయాయి.

అన్నిటికన్నా కనిపించని లోపం డెల్టా కాంటాక్టర్‌లో ఒక పోలు కాలిపోవడం. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాకపోతే మోత పెరిగి వేడెక్కుతుంది. మెయిన్ కాంటాక్టర్ నుంచి మోటారుకు వెళ్లే మూడు తీగలకూ టాంగ్ టెస్టర్ పెట్టి చూడాలి. బాగున్న మోటారుకు నిండు లోడులో ఒక్కోదానిలో 23 ఆంపియర్ల దాకా, సమానంగా ఉంటుంది. పోలు పోతే ఒక తీగలో సున్నా చూపించి, మిగతా రెండింటిలో బాగా పెరుగుతుంది. ఓవర్‌లోడ్ రిలే సాధారణంగా ఈ తీగల్లోనే ఉంటుంది కాబట్టి దాని సెట్టింగు 23 ఆంపియర్లు. నేమ్‌ప్లేటు చూసి 40 పెడితే ఆ రెండు వైండింగులు కాలేదాకా ట్రిప్ కాకపోవచ్చు.