క్లోమంలో నీటితిత్తి: సైజు ఒక్కటే చూస్తే సరిపోదు

కిడ్నీలో రాయి ఉందేమోనని సీటీ స్కాన్ తీయిస్తే, రాయి సంగతి రిపోర్టులో ఒక్క వాక్యంలో తేలిపోతుంది. దాని కిందే ఎవరూ అడగని మరో వాక్యం కనిపిస్తుంది: 'క్లోమం తలభాగంలో 18 మిల్లీమీటర్ల నీటితిత్తి ఉంది, ఎమ్మారై తీయించి సరిచూసుకోవాలి.' నొప్పి లేదు, కామెర్లు లేవు, ఆకలి బాగానే ఉంది. అయినా క్లోమం అనగానే అందరికీ కేన్సరే గుర్తొస్తుంది.

ఇలా అనుకోకుండా బయటపడే తిత్తులు అరుదేమీ కాదు. వేరే కారణంతో పొట్టకు సీటీ తీయించుకున్న పెద్దవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇవి కనిపిస్తాయి. ఎమ్మారై ఇంకా చిన్నవాటిని కూడా పట్టేస్తుంది కాబట్టి అందులో అంతకంటే ఎక్కువగా బయటపడతాయి. వయసుతోపాటు వీటి సంఖ్యా పెరుగుతుంది.

ముందు తేలాల్సింది అది ఏ రకం తిత్తి అన్నది. గతంలో క్లోమం వాచి మంచానపడ్డవారికి ఆ వాపు మిగిల్చిన నీటిగుంట కావచ్చు, అది కేన్సర్‌గా మారదు. చిన్న చిన్న గదులు కిక్కిరిసి ఉండే సీరస్ రకం కూడా దాదాపు ఎప్పుడూ ప్రమాదం తెచ్చిపెట్టదు. లోపల జిగురు ఊరే రకాలనే కాస్త కనిపెట్టి ఉండాలి. వాటిలో తరచుగా ఎదురయ్యేది ఐపీఎంఎన్. క్లోమం నడుమ ఆకు ఈనెలా ఒక ప్రధాన నాళం సాగుతుంది, దానికి అటూ ఇటూ సన్నని పిల్ల నాళాలుంటాయి. ఒక పిల్ల నాళం లోపలి పొరలోని కణాలు జిగురు ఎక్కువగా తయారుచేస్తే ఆ నాళం ఉబ్బి తిత్తిలా కనిపిస్తుంది. సీటీ తర్వాత ఎమ్మారై రాసేది ప్రధానంగా ఇందుకే. నాళాలను విడిగా చూపించే ఎంఆర్‌సీపీ చిత్రాల్లో తిత్తికీ నాళానికీ మధ్య దారి ఉందో లేదో తెలుస్తుంది. పైగా ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు కనుక మళ్లీ మళ్లీ తీయడానికీ అదే అనువు.

18 మిల్లీమీటర్ల తిత్తి ఉన్న 62 ఏళ్ల ఒకావిడను ఉదాహరణగా తీసుకుందాం. ఎమ్మారైలో అది పిల్ల నాళం ఐపీఎంఎన్ అని తేలింది. ఇప్పుడు రేడియాలజిస్టు చూపు తిత్తి కొలత దగ్గరే ఆగదు. మొదట ప్రధాన నాళం వెడల్పు చూస్తారు. 5 మిల్లీమీటర్లు దాటితే అనుమానం మొదలవుతుంది, 10 అంతకన్నా ఎక్కువైతే ప్రమాద సూచన. తర్వాత తిత్తి గోడ. దాని మీద కండలా మొలిచిన బుడిపె ఉందా, ఉంటే రక్తనాళంలోకి ఎక్కించిన కాంట్రాస్ట్ మందును అది పీల్చుకుని వెలుగుతోందా అన్నది కీలకం. అలా వెలిగే బుడిపె 5 మిల్లీమీటర్లు అంతకు మించి ఉంటే, లేదా తలభాగంలోని తిత్తి పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు తెస్తే, ఆపరేషన్ గురించి మాట్లాడాల్సిందే. తిత్తి 3 సెంటీమీటర్లకు చేరడం, గోడ మందం కావడం, ప్రధాన నాళం ఒకచోట ఉన్నట్టుండి సన్నబడి దాని వెనక క్లోమం ఎండిపోవడం, ఇవన్నీ మరింత లోతుగా పరీక్షించమని చెప్పే గుర్తులు. కొత్తగా మొదలైన షుగరు, రక్తంలో పెరిగిన సీఏ 19-9 కూడా వీటి కోవలోకే వస్తాయి.

ఆవిడ విషయంలో ఇవేవీ లేవు, ప్రధాన నాళం 3 మిల్లీమీటర్లే. మరి ముందుజాగ్రత్తగా తీసేయవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. తలభాగంలోని తిత్తిని తీయాలంటే క్లోమం తలతోపాటు చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేసి మిగిలినవాటిని మళ్లీ కలిపి కుట్టాలి. దీన్నే విపుల్ ఆపరేషన్ అంటారు. అనుభవమున్న సర్జన్ల చేతుల్లోనూ ఇది చిక్కులు తెచ్చే పెద్ద ఆపరేషన్. కుట్టు దగ్గర క్లోమరసం కారవచ్చు, తర్వాత షుగరు రావచ్చు. ఏ చెడు గుర్తూ లేని చిన్న తిత్తి కేన్సర్‌గా మారే అవకాశంతో పోలిస్తే ఈ ముప్పే పెద్దది. అందుకే కనిపెట్టి ఉంటారు.

ఎన్నాళ్లకోసారి? 2024లో వెలువడిన క్యోటో మార్గదర్శకాల ప్రకారం 2 సెంటీమీటర్లలోపు తిత్తికి ఆరు నెలల తర్వాత ఒకసారి, మార్పు లేకపోతే ఆపైన 18 నెలలకోసారి స్కాన్ చేయాలి. 2 నుంచి 3 సెంటీమీటర్ల మధ్య ఉంటే ఆరేసి నెలలకు రెండుసార్లు, ఆ తర్వాత ఏడాదికోసారి. 3 దాటినవాటికి ఆరు నెలలకోసారి. అమెరికా, యూరప్ సంఘాల లెక్కలు కొంత వేరు. అందుకే ఒకే తిత్తికి ఇద్దరు డాక్టర్లు రెండు రకాల గడువులు చెప్పవచ్చు.

ఆవిడకు ఆరు నెలలకు తీస్తే 18 మిల్లీమీటర్లే. మరో 18 నెలలకు 19. ఈ ఒక్క మిల్లీమీటరును పెరుగుదలగా లెక్కించరు. సీటీలో ఒక కొలత, ఎమ్మారైలో ఇంకో కొలత రావచ్చు, గీత కాస్త పక్కకు గీసినా తేడా వస్తుంది. అందుకే మంచి రేడియాలజిస్టు పాత రిపోర్టులోని అంకెను నమ్ముకోకుండా పాత చిత్రాలను తెరిచి, ఒకే కోణంలో రెంటినీ తానే కొలుస్తారు. పాత సీడీ ఇంట్లో మర్చిపోయి కాగితం మాత్రమే తీసుకెళ్తే ఆ పోలిక కుదరదు.

మరో 18 నెలలకు తిత్తి 24 మిల్లీమీటర్లైంది, లోపల 6 మిల్లీమీటర్ల ఉండ ఒకటి కనిపించింది. ఏడాదికి రెండున్నర మిల్లీమీటర్లు అంతకు మించి పెరిగితే అది అనుమానపు గుర్తు. ఇక్కడ ఏడాదిన్నరలో 5 పెరిగింది, అంటే హద్దు దాటింది. డాక్టరు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ రాశారు. గొంతు గుండా గొట్టం దింపి, జీర్ణాశయం, చిన్నపేగు గోడల మీంచి క్లోమాన్ని అతి దగ్గరగా చూసే పరీక్ష ఇది. ఉండ అంచు నున్నగా ఉంది, ఆవిడను మరో పక్కకు తిప్పితే కదిలింది, కాంట్రాస్ట్ ఇచ్చినా వెలగలేదు. బుడిపెకు రక్తం అందుతుంది కాబట్టి వెలగాలి, గోడకు అంటుకుని కదలకుండా ఉండాలి. ఇది గడ్డకట్టిన జిగురు మాత్రమే. సూదితో తీసిన నీటిలోనూ చెడు కణాలు లేవు. ఆపరేషన్ మాట పక్కకు వెళ్లింది కానీ గడువు మారింది: ఆరేసి నెలలకు రెండుసార్లు, ఆ తర్వాత ఏటా.

ఈ నిఘాకు ఒక పరిమితి ఉంది. ఐపీఎంఎన్ ఉన్నవారిలో కొందరికి ఆ తిత్తిలో కాకుండా క్లోమంలో మరోచోట కేన్సర్ వస్తుంది. కాబట్టి 'తిత్తిలో మార్పు లేదు' అన్న ఒక్క మాటతో రిపోర్టు పూర్తికాదు, ప్రతిసారీ క్లోమం మొత్తాన్ని, ప్రధాన నాళం పొడవునా చూడాలి. రెండు స్కాన్ల మధ్య కళ్లు పచ్చబడినా, వీపులోకి పాకే కడుపునొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, అదుపులో ఉన్న షుగరు ఒక్కసారిగా పెరిగినా గడువు తేదీ కోసం ఆగకూడదు.

ఎప్పుడు ఆపాలన్నదీ ముందే మాట్లాడుకోవాలి. 2 సెంటీమీటర్లలోపు తిత్తి ఐదేళ్లు మారకుండా ఉంటే, వయసు మీదపడి లేదా గుండెజబ్బు వంటివి ముదిరి పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని స్థితిలో ఉంటే స్కాన్లు మానేయవచ్చు. ఏం కనిపించినా ఆపరేషన్ చేయరని తెలిసినప్పుడు ఇంకో ఎమ్మారై వల్ల ఆ మనిషికి దక్కేది ఖర్చూ బెంగా మాత్రమే.