బ్యాటరీ ఉబ్బితే డైనమోను అడగాలి

కారు బ్యాటరీ పోయిందంటే మనకు తెలిసిన కథ ఒకటే. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోదు. నలుగురూ కలిసి బండి తోయాలి, షాపుకెళ్లి కొత్త బ్యాటరీ వేయించుకోవాలి. ఛార్జింగ్ చాలక పోయే బ్యాటరీల కథ ఇది. ఛార్జింగ్ ఎక్కువై పోయేవీ ఉన్నాయి, వాటిని గుర్తుపట్టడమే కష్టం. చివరి రోజుల దాకా ఆ బండి తాళం తిప్పగానే స్టార్టవుతుంది, హెడ్‌లైట్లు మామూలు కంటే ప్రకాశంగా వెలుగుతాయి. దాంతో బ్యాటరీ భేషుగ్గా ఉందనుకుంటాం.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారి పదేళ్ల నాటి చిన్న కారుకు సరిగ్గా ఇదే జరిగింది. ఏడాది తిరగకుండా రెండో బ్యాటరీ వేయించారు. మే నెలలో విజయవాడ బందరు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఉండగా బ్లోయర్ గాలిలోంచి కుళ్లిన గుడ్ల కంపు మొదలైంది. కాలవ వాసన కాబోలనుకుని ముందు అద్దాలు ఎత్తేశారు. కంపు తగ్గలేదు సరికదా, కళ్లు మండడం మొదలైంది. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ రెండు పక్కలూ బయటికి పొంగి ఉన్నాయి. మూతల చుట్టూ తడి, టెర్మినల్ దగ్గర తెల్లటి పొడి, లోపల బుడబుడమని చప్పుడు. బండిని తాడు కట్టించి ఆటోనగర్‌కు తీసుకెళ్లారు.

అక్కడి ఆటో ఎలక్ట్రీషియన్ ఆ బ్యాటరీని వెంటనే ముట్టుకోలేదు. బానెట్ తెరిచి ఉంచి, చల్లారనిచ్చాడు. తర్వాత దాన్ని తీసి బయట ఆరుబయట పెట్టి, షాపులో ఉన్న మంచి బ్యాటరీ ఒకటి బిగించి మీటర్ పట్టాడు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు. స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో వదిలితే 14.9. కాస్త రేస్ చేసి ఇంజిన్‌ను 2000 తిరుగుళ్ల దగ్గర పట్టుకుంటే 16.3. హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేసినా 15.6 కంటే దిగలేదు. ఇంజిన్ వెంటనే ఆపేశాడు.

“బ్యాటరీల తప్పేం లేదు మాస్టారూ. రెగ్యులేటర్ పోయింది. రెండింటినీ అదే ఉడకబెట్టింది” అన్నాడు.

ఆ మాట అతను ఊహించి అన్నది కాదు, మీటర్‌లో కనిపించినదే. ఆల్టర్నేటర్‌ను, అంటే మన మెకానిక్‌లు ఇప్పటికీ డైనమో అని పిలిచేదాన్ని, ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే అదీ అంత వేగంగా తిరుగుతుంది. ఆపేవాడు లేకపోతే వోల్టేజీ కూడా దాంతోపాటే పెరుగుతూ పోతుంది. ఆపే పని రెగ్యులేటర్‌ది. డైనమో లోపల తిరిగే రోటార్‌కు కార్బన్ బ్రష్‌ల ద్వారా కొద్దిపాటి కరెంటు అందుతుంది. ఆ కరెంటే రోటార్‌ను అయస్కాంతంగా మారుస్తుంది. వోల్టేజీ 14 దాటి పైకి పోతుంటే రెగ్యులేటర్ ఆ కరెంటును తగ్గిస్తుంది, పడిపోతుంటే పెంచుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టం చూసి నీళ్లు కట్టేసే ఫ్లోట్ వాల్వ్ చేసే పనే ఇది. రెగ్యులేటర్‌లోని ట్రాన్సిస్టర్ షార్టయితే ఆ వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది. రోటార్‌కు ఎప్పుడూ పూర్తి కరెంటు అందుతుంది. అందుకే ఐడిలింగ్‌లో కొంచెమే ఎక్కువగా కనిపించిన అంకె యాక్సిలరేటర్ నొక్కగానే 16 దాటింది. రెగ్యులేటర్ బాగుంటే ఇంజిన్ ఎంత రేస్ చేసినా అంకె 14 చుట్టుపక్కలే నిలబడాలి.

ఒకటిన్నర, రెండు వోల్టులు ఎక్కువైతే అంత కొంప మునిగేదేముందనిపిస్తుంది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్‌లుంటాయి. 16.3ను ఆరుకు పంచితే ఒక్కో సెల్‌కు 2.7 వోల్టులు. సీసం-ఆసిడ్ సెల్‌లో 2.4 వోల్టుల దగ్గరే నీళ్లు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోవడం జోరందుకుంటుంది. అప్పటికే నిండిపోయిన పలకలు ఇంకా ఛార్జి తీసుకోలేవు. కాబట్టి అదనంగా వచ్చే కరెంటంతా నీళ్లను విడగొట్టడానికీ, వేడి పుట్టించడానికే ఖర్చవుతుంది. మాస్టారు విన్న బుడబుడ అదే. ఆసిడ్ మరగడం కాదు, పలకల మీద గ్యాస్ పుట్టడం.

లెక్క వేసి చూస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. అదనంగా 10 ఆంపియర్లు గంటసేపు పారితే ఆరు సెల్‌లలో కలిపి దాదాపు 20 గ్రాముల నీళ్లు పోతాయి. రోజుకు రెండు గంటలు బండి నడిపితే 40 గ్రాములు. నెల తిరిగేసరికి లీటరు దాటిపోతుంది. చిన్న కారు బ్యాటరీలో ఉండే ద్రవమే కొద్ది లీటర్లు. అదే గంటలో దాదాపు 25 లీటర్ల హైడ్రోజన్ పుడుతుంది. హైడ్రోజన్‌కు రంగూ వాసనా లేవు. గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటుంది. బ్యాటరీ పేలిందని విన్నప్పుడు దాని వెనక సాధారణంగా ఉండేది ఇదే. గ్యాస్ అంటుకుని పైకప్పు ముక్కలవుతుంది, ఆసిడ్ ముఖాన పడుతుంది.

కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. నీటిమట్టం పడిపోయి, పలకల పైభాగం తేలి, లోపలంతా కాగిపోయాక ఆసిడ్‌లోని గంధకం ఈ రూపంలో బయటికొస్తుంది. అంటే కంపు వచ్చిందంటే జబ్బు మొదలైనట్టు కాదు, ముదిరినట్టు. ఇది విషవాయువు. దాని మోసమేమిటంటే, కొద్దిగా ఉన్నప్పుడు ముక్కు వెంటనే పట్టేస్తుంది, బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. వాసన తగ్గింది కదా అని మళ్లీ బండెక్కడానికి వీల్లేదు. సీటు కిందో డిక్కీలోనో బ్యాటరీ ఉండే కార్లలో అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఉబ్బడానికి రెండు కారణాలు కలుస్తాయి. వేడికి ప్లాస్టిక్ డబ్బా మెత్తబడుతుంది, లోపలి గ్యాస్ ఒత్తిడి దాన్ని బయటికి నెడుతుంది. మెయింటెనెన్స్ లేని బ్యాటరీల్లో గాలి పోయే సన్నటి రంధ్రాలు మట్టితో మూసుకుపోతే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మరోపక్క పాజిటివ్ పలకల్లోని సీసపు జాలీ ఓవర్‌ఛార్జింగ్‌కు తినేసుకుపోతూ సాగుతుంది, అదీ గోడలను తోస్తుంది. ఇలా ఉబ్బిన బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి బాగుచేద్దామనుకోవడం వృథా. సాగిన జాలీ మళ్లీ కుదించుకోదు.

అయితే బుడగలూ కంపూ కనిపించగానే రెగ్యులేటర్ మీదకు పోవడమూ సరికాదు. బ్యాటరీలో ఒక సెల్ లోలోపల షార్టయినా ఇవే లక్షణాలు వస్తాయి. అప్పుడు మీటర్ 14.2 చూపిస్తుంది, ఆ అంకె చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కానీ ఆ 14.2ను పనిచేసే ఐదు సెల్‌లే పంచుకుంటున్నాయి. ఒక్కోదానికి 2.8 వోల్టులకు పైగా. అక్కడ రెగ్యులేటర్ తన పని తాను సక్రమంగానే చేస్తోంది. ఇంజిన్ ఆపి కాసేపాగితే అలాంటి బ్యాటరీ 12.6కు బదులు పదిన్నర దగ్గరికి దిగుతుంది. అప్పుడు మార్చాల్సింది బ్యాటరీనే.

ఇంకో చిక్కు వైరుది. కొన్ని కార్లలో రెగ్యులేటర్ బ్యాటరీ వోల్టేజీని ఒక సన్నటి వైరు ద్వారా తెలుసుకుంటుంది. ఆ వైరు కనెక్షన్ తుప్పుపట్టిందనుకోండి, బ్యాటరీ దగ్గర 15.5 ఉన్నా రెగ్యులేటర్‌కు 14 అనే అందుతుంది. చాలడం లేదనుకుని అది ఇంకా పెంచుతుంది. రెగ్యులేటర్ మార్చినా జబ్బు పోదు. మాస్టారి కారులో ఎలక్ట్రీషియన్ ఆ వైరు చివర కూడా మీటర్ పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర ఎంతో అక్కడా అంతే ఉంది. అప్పుడే డైనమో విప్పాడు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా డైనమో విప్పేవాళ్ల దగ్గర మనం అడిగి మరీ చేయించుకోవాలి.

అంకెలను చదవడంలోనూ కొంత విచక్షణ కావాలి. వేడెక్కిన బ్యాటరీకి తక్కువ వోల్టేజీ చాలు, చల్లగా ఉన్నదానికి ఎక్కువ కావాలి. అందుకని చాలా రెగ్యులేటర్లు వేడిని బట్టి వోల్టేజీని సర్దుతాయి. జనవరి తెల్లవారుజామున 14.6, మే మధ్యాహ్నం 13.8 కనిపిస్తే రెండూ ఆరోగ్యమే. కొత్త కార్లలో డైనమోను ఇంజిన్ కంప్యూటరే నడిపిస్తుంది కాబట్టి అంకె 12.5 నుంచి 15 దాకా అటూ ఇటూ తిరగొచ్చు. వాటి విషయంలో స్కానర్ ఉన్నవాళ్లను చూపించుకోవడమే మేలు. పాత కారులో ఇంజిన్ వేడెక్కాక కూడా 15 పైన స్థిరంగా ఉంటే మాత్రం అది జబ్బే.

ఎండాకాలంలో ఈ జబ్బు త్వరగా ముదరడానికీ వేడే కారణం. వేడెక్కిన బ్యాటరీ అదే వోల్టేజీకి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటు దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. చలికాలంలో నెలల తరబడి ఓర్చుకున్నది మే నెలలో రోజుల్లో ఉబ్బిపోతుంది.

దారిలో ఈ కంపు వస్తే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. ఛార్జింగ్ ఆగేది అప్పుడే. అద్దాలు దించి, అందరూ దిగి, దూరంగా నిలబడాలి. సిగరెట్టు, అగ్గిపుల్ల ఆ దరిదాపుల్లో ఉండకూడదు. బ్యాటరీ చల్లారి, గ్యాస్ చెదిరేదాకా టెర్మినల్ విప్పకూడదు, జంపర్ కేబుల్ తగిలించకూడదు. రెంటికీ నిప్పురవ్వ లేస్తుంది. ఆసిడ్ ఒంటిమీద పడితే ధారాళంగా నీళ్లతో కడగాలి, కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి పోవాలి. డైనమో పనిచేస్తోందో లేదో చూడడానికి ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకే అలవాటు కొందరు పాత మెకానిక్‌లకుంది. దాన్ని మన బండి మీద చేయనివ్వకూడదు. రెగ్యులేటర్ పోయిన బండిలో గ్యాస్ మధ్య నిప్పురవ్వ ఒక ప్రమాదమైతే, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీకి బండిలోని కంప్యూటర్ కాలిపోవడం రెండోది.

మాస్టారి డైనమోకు వెనకవైపు బిగించి ఉన్న రెగ్యులేటర్‌ను బ్రష్‌లతో సహా మార్చారు. డైనమో మొత్తం మార్చే అవసరం పడలేదు. తర్వాత మీటర్ పెడితే ఐడిలింగ్‌లో 14.1, రేస్ చేసినా 14.2. అరుగుదొడుగుల హెడ్‌లైట్ బల్బు ఒకటి అప్పటికే మాడిపోయి ఉంటే దాన్నీ మార్చారు. బ్యాటరీకి వారంటీ ఇంకా ఉంది గానీ, ఓవర్‌ఛార్జింగ్ బండి లోపం కాబట్టి కంపెనీలు సాధారణంగా దాన్ని ఒప్పుకోవు. మాస్టారికీ కొత్త బ్యాటరీ కొనక తప్పలేదు. ఉబ్బిన దాన్ని ఎలక్ట్రీషియన్ నిలువుగానే ట్రేలో పెట్టి, పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే డీలరుకు పంపాడు.