స్టాక్‌లో చిన్న అంకె: వెతక్కుండా చెప్పడం ఎలా?

ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. స్టాక్ అంటే కంచాల దొంతర లాంటిది. కొత్తది పైనే పెడతాం, అదే పుష్. తీసేదీ పైనుంచే, అది పాప్. ఇక అందులో ఉన్న అంకెల్లో అతి చిన్నది ఏదని ఎప్పుడడిగినా చెప్పాలి. పది అంకెలున్నా, పది లక్షలున్నా ఈ మూడు పనులకూ పట్టే సమయం పెరగకూడదు.

చిన్న అంకెను ఒక వేరియబుల్‌లో దాచుకుంటే చాలదా అని మొదట అనిపిస్తుంది. పుష్ చేసినంతసేపూ బాగానే నడుస్తుంది. 5, 8, 3 వేశాం, వేరియబుల్‌లో 3 ఉంది. ఇప్పుడు పాప్ చేస్తే ఆ 3 పోతుంది. మిగిలినవాటిలో చిన్నదేదో తెలియాలంటే మళ్లీ అన్నిటినీ వెతకాల్సిందే.

దారి స్టాక్ స్వభావంలోనే ఉంది. ఒక అంకె లోపల ఉన్నంతకాలం దాని కిందివేవీ మారవు. కాబట్టి అది వచ్చినప్పుడు ఏది చిన్నదో, దాని పైవన్నీ పోయాక కూడా అదే చిన్నది. ఆ సమాచారాన్ని పారేయకుండా రెండో స్టాక్‌లో ఉంచుకుంటే సరిపోతుంది. వచ్చిన అంకె అప్పటి కనిష్ఠం కన్నా చిన్నదైనా, దానికి సమానమైనా రెండో స్టాక్‌లోనూ వేయాలి. పాప్ చేసిన అంకె రెండో స్టాక్ పైఅంకెతో సమానమైతే అక్కడా తీసేయాలి.

వరసగా 5, 8, 3, 3, 6 వేద్దాం. రెండో స్టాక్‌లో 5, 3, 3 ఉంటాయి. 6 తీస్తే అక్కడ ఏమీ కదలదు, జవాబు 3. ఒక 3 తీస్తే అక్కడా ఒక 3 పోతుంది, జవాబు ఇంకా 3. రెండో 3 కూడా తీస్తే జవాబు 5.

చాలామంది తప్పేది ‘సమానమైనా’ అన్న చోటే. రెండో 3ని అక్కడ వేయకపోతే మొదటి పాప్‌కే ఆ ఒక్క 3 పోయి, అసలు స్టాక్‌లో 3 ఉండగానే జవాబు 5 అని వస్తుంది. అందుకే ఒకే అంకె రెండుసార్లు వచ్చేలా పరీక్షించి చూడాలి.

జావాలో రాసేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది.

```
if (data.pop() == mins.peek()) mins.pop();
```

రెండూ `Integer` స్టాక్‌లైతే `==` విలువలను కాక ఆబ్జెక్టులను పోలుస్తుంది. -128 నుంచి 127 వరకు జావా ఒకే ఆబ్జెక్టును వాడుతుంది గనుక చిన్న అంకెలతో తప్పు బయటపడదు. 200 వేస్తే మాత్రం పోలిక తప్పుతుంది. అక్కడ `equals` వాడాలి.

ఈ ఏర్పాటు చిన్న అంకెను చూపిస్తుందే తప్ప, మధ్యలోంచి దాన్ని బయటికి తీయలేదు. అది కావాలంటే హీప్ వాడాలి, అందులో ఒక్కో తీతకు పట్టే సమయం అంకెల సంఖ్యతో పాటు నెమ్మదిగా పెరుగుతుంది.